వెబ్‌సైట్ ఎంక్వయిరీకి పది నిమిషాల్లో జవాబిస్తున్నా ఆర్డర్లు రావట్లేదు, తేడా ఎక్కడ కొడుతోంది?

బల్లలమేస్త్రి
ఆఫీసులకు బల్లలు, పార్టిషన్లు చేసి బిగించే చిన్న సంస్థ మాది. వెబ్‌సైట్‌లో ఒక ఫారం పెట్టాం. ఎంక్వయిరీ వచ్చిన వెంటనే జవాబివ్వాలి, ఆలస్యమైతే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు అని అందరూ చెబితే అలాగే చేస్తున్నాను. ఫోన్‌లో మెయిల్ మోగగానే పని పక్కన పెట్టి మరీ పది నిమిషాల్లోపు జవాబు పంపిస్తున్నాను. అయినా సగానికి సగం మంది మళ్లీ పలకరు. ఒకరిద్దరు మాత్రం "ధర ఎంత?" అని అడిగి మాయమవుతారు. ఈ త్వరగా జవాబివ్వడం అనేదే ఉత్తుత్తి ప్రచారమా, లేక నా దగ్గరే ఏదైనా లోపముందా?

నిదానం_నిమ్మళం
ప్రచారమే. పది నిమిషాల్లో జవాబిస్తే వీడికి పనేమీ లేదు, ఖాళీగా కూర్చున్నాడు అనుకుంటారు. నేను ఒక రోజు ఆగి, తీరిగ్గా, పద్ధతిగా రాస్తాను. పెద్ద ఆర్డర్లు ఇచ్చేవాళ్లు నెలలు ఆలోచిస్తారు, నిమిషాలు చూడరు.

అడ్డదిడ్డం
అంటే ఖాళీగా ఉన్నా బిజీగా ఉన్నట్టు ఒక రోజు నటించాలన్నమాట. మా మేనేజరు నటించేది ఇదేనా?

చీటీ_నింపాను
నేనూ ఒక వెబ్‌సైట్‌లో ఫారం నింపి వారమైంది, ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు. దీని మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో ఎవరైనా చెబుతారా?

అడ్డదిడ్డం
@చీటీ_నింపాను మీరు దారి తప్పారు మాస్టారూ. ఇక్కడున్నది ఫారానికి జవాబిచ్చే బ్యాచ్. పోనీ లెండి, ఎలాంటి జవాబు వస్తే మీరు కొనేవారో చెప్పండి, మేస్త్రిగారికి పనికొస్తుంది.

చీటీ_నింపాను
ఏదో ఒక జవాబు వస్తే చాలు బాబూ.

ఇన్‌బాక్స్_రాణి
మేస్త్రిగారూ, పేర్లూ నంబర్లూ తీసేసి, ఈమధ్య వచ్చి చేజారిన ఒక ఎంక్వయిరీని, దానికి మీరు పంపిన జవాబును ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి. అవి చూడకుండా ఏం చెప్పినా గాల్లో బాణమే.

ఈలోగా నిదానంగారి మాట గురించి. 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక పరిశీలన వచ్చింది. 2,241 అమెరికా కంపెనీలకు వెబ్ ద్వారా ఎంక్వయిరీలు పంపి, ఎవరు ఎప్పుడు పలికారో చూశారు. గంటలోపు పలికినవి 37 శాతం. అసలు పలకనివి 23 శాతం. అదే వ్యాసంలో ఇంకో లెక్క కూడా ఉంది: గంటలోపు ప్రయత్నించిన కంపెనీలకు, ఆ తర్వాతి గంటలో ప్రయత్నించిన వాటికంటే, నిర్ణయం తీసుకునే మనిషితో అసలైన సంభాషణ దొరికే అవకాశం దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. ఒక రోజు ఆగిన వాటితో పోలిస్తే అరవై రెట్ల పైన.

అయితే ఈ లెక్కను చాలామంది సగమే చదువుతారు. అది సంభాషణ మొదలయ్యే అవకాశం గురించి, ఆర్డర్ చేతికి రావడం గురించి కాదు. త్వరగా వెళితే తలుపు తెరుస్తారు, అంతే. తెరిచాక మీరేం మాట్లాడారన్నది వేరే సంగతి. మేస్త్రిగారి గొడవ అక్కడే ఉందని నా అనుమానం.

నిదానం_నిమ్మళం
అమెరికా కంపెనీల లెక్కలు మనకెందుకండీ. పైగా 2011 నాటివి.

ఇన్‌బాక్స్_రాణి
పాతవే, కాదనను. మీరే ఒకసారి నాలుగైదు చోట్ల ఎంక్వయిరీ పంపి చూడండి. రేపటికి ఎవరి పేరు గుర్తుంటుందో మీకే తెలుస్తుంది.

బల్లలమేస్త్రి
పెడుతున్నాను. వచ్చింది ఇది:

> మా ఆఫీసు వచ్చే నెల రెండో వారంలో కొత్త చోటికి మారుతోంది. 32 మందికి బల్లలు కావాలి. కుర్చీలు పాతవే వాడుకుంటాం. బిల్డింగు వాళ్లు పని రోజుల్లో డ్రిల్లింగు ఒప్పుకోరు, శని ఆదివారాల్లో బిగించగలరా? బల్లల మధ్య పార్టిషన్ పెట్టాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు.

ఏడు నిమిషాల్లో నేను పంపింది ఇది:

> ప్రియమైన కస్టమర్, మా సంస్థను సంప్రదించినందుకు ధన్యవాదాలు. నాణ్యమైన ఆఫీస్ ఫర్నిచర్‌కు మేము పెట్టింది పేరు. మా ఉత్పత్తుల బ్రోషర్ జతచేశాం. దయచేసి మీ అవసరాలు తెలియజేయగలరు. మా ప్రతినిధి త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తారు.

ఆ తర్వాత అటునుంచి ఏమీ లేదు. రెండు రోజులాగి ఫోన్ చేస్తే, "వేరేవాళ్లతో మాట్లాడుతున్నాం అండీ" అన్నారు.

అడ్డదిడ్డం
"మీ అవసరాలు తెలియజేయగలరు." పాపం ఆయన ఐదు వాక్యాలు తెలియజేశాడు కదా గురూ!

కొనేవైపు
నేను ఈ బల్లకు అవతలి పక్కన కూర్చునే మనిషిని. మా ఆఫీసులో కొనుగోళ్లు చూస్తాను, ఇలాంటి ఫారాలు నింపేది నేనే. లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

ఒకే కూర్చోవడంలో నలుగురైదుగురికి పంపేస్తాను, అవే మాటలు కాపీ చేసి. పంపిన గంటసేపు ఆ విషయం నా బుర్రలో ఉంటుంది, తర్వాత వేరే పనిలో పడిపోతాను. సాయంత్రం మా బాస్ అడిగేది ఒకటే ప్రశ్న: "శని ఆదివారాల్లో చేస్తామన్నారా?" ఎవరి మెయిల్‌లో "చేస్తాం" అని ఉందో ఆ పేరు చెబుతాను. మీ మెయిల్‌లో ఆ మాట లేదు. మీరు ముందే పంపారు, నిజమే, కానీ బాస్‌కు చెప్పడానికి నా చేతికి ఏమీ ఇవ్వలేదు. బ్రోషర్ తెరిచి వెతుక్కునే ఓపిక నాకుండదు. తెరిచినా అందులో ముందు పేజీలన్నీ కుర్చీలే ఉంటాయి, నాకు అక్కర్లేదన్నవే.

ఇంకొకటి, కాస్త మొహమాటంగానే చెబుతున్నా. ఫారంలో నా పేరు రాశాను కదా. "ప్రియమైన కస్టమర్" అంటే ఇది మిషన్ పంపింది అనుకుంటాను. దానికి జవాబు రాయను, మిషన్‌కు ఎవరు రాస్తారు?

సర్వర్_సుబ్బు
మేస్త్రిగారూ, జవాబు పంపేటప్పుడు ఫారం నుంచి వచ్చిన ఆ నోటిఫికేషన్ మెయిల్‌కే రిప్లై నొక్కుతారా? లేక కొత్త మెయిల్ మొదలుపెడతారా?

బల్లలమేస్త్రి
దానికే రిప్లై కొడతాను. అదేగా తేలిక. ఎందుకలా అడిగారు?

సర్వర్_సుబ్బు
అనుకున్నాను. మీరు పంపిన జవాబు అవతలి వాళ్లకు ఎలా కనిపిస్తుందో ఎప్పుడైనా చూశారా? మీ సైట్‌లో మీరే వేరే మెయిల్ అడ్రసుతో ఫారం నింపి, జవాబు పంపి, అవతలి ఇన్‌బాక్స్ తెరవండి. సబ్జెక్టు ఇలా ఉంటుంది:

```
Re: New form submission - Contact Us
```

కింద మీ జవాబు, దాని కింద నోటిఫికేషన్ మొత్తం అతుక్కుని ఉంటుంది. వాళ్ల పేరు, ఫోన్ నంబరు, ఏ పేజీ నుంచి పంపారు, కొన్ని ఫారాల్లో అయితే వాళ్ల ఐపీ అడ్రసు కూడా. మనం ఎంత ఆప్యాయంగా రాసినా, కింద ఆ దస్తావేజు వేలాడుతుంటే పైన రాసింది ఎవరు నమ్ముతారు? సబ్జెక్టు మార్చండి, కిందిదంతా చెరిపేయండి. "32 బల్లలు, శని ఆదివారాల్లో బిగింపు" అని పెడితే చాలు, వారం తర్వాత వాళ్లు వెతికినా దొరుకుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. మీ దగ్గరికి అసలు అన్ని ఎంక్వయిరీలూ వస్తున్నాయా అన్నది చూడండి. చాలా ఫారాలను కస్టమర్ అడ్రసు నుంచే మెయిల్ వచ్చినట్టు అమర్చి ఉంచుతారు. కానీ పంపేది మీ సర్వరు. అవతలి మెయిల్ సర్వీసు దీన్ని దొంగ సంతకంగా లెక్కేస్తుంది. ముఖ్యంగా ఎవరైనా yahoo.com అడ్రసు ఇస్తే, ఆ డొమైన్ 2014 నుంచీ ఇలాంటివాటిని తిప్పికొట్టమని, తన పేరుతో వచ్చే దొంగ మెయిళ్లను ఏం చేయాలో చెప్పే DMARC రికార్డులో రాసి పెట్టింది. అలాంటి ఎంక్వయిరీ మీకు స్పామ్‌లో కూడా కనపడకపోవచ్చు. సరైన అమరిక ఇది:

```
From: enquiry@example.com
Reply-To: customer@example.org
```

పైది మీ సొంత డొమైన్ అడ్రసు, కిందిది ఫారం నింపినవాళ్ల అడ్రసు. Reply-To లేకపోతే ఇంకో తమాషా: మీరు రిప్లై నొక్కితే అది మీ సర్వరుకే పోతుంది. మీరు ఏడు నిమిషాల్లో జవాబిచ్చేశానని నిశ్చింతగా ఉంటారు, కస్టమరుకు ఏమీ చేరదు.

బల్లలమేస్త్రి
ఇప్పుడే చూశాను సుబ్బుగారూ. Reply-To ఉంది, అంతవరకు నయం. From దగ్గర మాత్రం కస్టమర్ అడ్రసే ఉంది. సైట్ చేసిన కుర్రాడికి చెప్పి మార్పిస్తున్నాను. సైట్ వెనక "ఎంట్రీలు" అని ఒక పేజీ ఉందట, అందులో నాకు ఎప్పుడూ మెయిల్ రానివి కొన్ని కనిపిస్తున్నాయి. కడుపు తరుక్కుపోయింది.

సర్వర్_సుబ్బు
ఆ పేజీ ఉండటం అదృష్టం. కొన్ని ఫారాలు మెయిల్ పంపి చేతులు దులుపుకుంటాయి, సైట్‌లో ఏదీ దాచవు. వారానికొకసారి ఆ పేజీనీ ఇన్‌బాక్స్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి.

నిదానం_నిమ్మళం
చూశారా, సమస్య వేగంలో లేదు. నేనన్నదీ అదే.

అడ్డదిడ్డం
మీరన్నది ఒక రోజు ఆగమని కదా సార్. సర్వరు నెలల తరబడి ఆగింది, మీ సిద్ధాంతం ప్రకారం ఈపాటికి ఆర్డర్లు కురవాలి.

ఇన్‌బాక్స్_రాణి
ఇప్పుడు ఆ ఎంక్వయిరీనే తీసుకుందాం. ఆయన అడిగిన సూటి ప్రశ్న ఒకటే: శని ఆదివారాల్లో బిగించగలరా? మొదటి వాక్యంలో దానికి జవాబుండాలి. ధన్యవాదాలు, మా సంస్థ ఘనత, ఏవీ దానికి ముందు రాకూడదు. ఆయన ఇంకా తేల్చుకోని విషయం ఒకటి ఉంది, పార్టిషన్. మన పనితనం చూపించుకునే చోటు అదే. ఆయన వద్దన్నది కుర్చీలు, అందుకని వాటిని అమ్మే ప్రయత్నం చేయకూడదు. నేనైతే ఇలా రాస్తాను (పని సంగతులు తప్పుంటే మేస్త్రిగారు దిద్దాలి):

> నమస్కారం ___ గారూ, శని ఆదివారాల్లో బిగించగలం. 32 బల్లలు రెండు రోజుల్లో అయ్యే పనే, కానీ మీ లిఫ్టులో ఎంత పొడవు చెక్క పడుతుందో చూశాకే గట్టిగా మాటివ్వగలను.
>
> పార్టిషన్ విషయం: మీ వాళ్లలో ఫోన్లో ఎక్కువగా మాట్లాడేవాళ్లు ఉంటే వాళ్ల వరుసకు మాత్రం పెట్టుకోండి, మిగతా చోట్ల తర్వాతైనా బిగించవచ్చు. అందుకు వీలుగా బల్లలకు ముందే రంధ్రాలు ఉంచుతాం.
>
> కుర్చీలు పాతవే అన్నారు కాబట్టి, నేల నుంచి వాటి చేతుల దాకా ఎత్తు ఎంతో కొలిచి చెప్పండి, బల్ల కిందికి జరిగేలా చూస్తాను. కొత్త ఆఫీసు ప్లాన్ ఉంటే ఫోటో తీసి పంపండి, చేత్తో గీసిందైనా ఫరవాలేదు.
>
> రెండో వారానికి అందాలంటే ఈ వారాంతానికల్లా కొలతలు ఖాయం కావాలి. రేపు ఉదయం 11కి గానీ, సాయంత్రం 4కి గానీ పది నిమిషాలు ఫోన్ చేయనా?
>
> (పేరు, నేరుగా తగిలే నంబరు)

ఆప్యాయత అంటే తియ్యటి మాటలు అనుకుంటారు. ఆయన రాసింది మనం చదివామని ఆయనకు తెలియడమే ఆప్యాయత. కుర్చీ చేతుల ఎత్తు అడిగిన మనిషి తన మెయిల్ చదివాడని వేరే చెప్పాలా?

కొనేవైపు
ఇది నాకు వచ్చి ఉంటే సాయంత్రంలోపు ప్లాన్ పంపేదాన్ని. ఇంకో సంగతి, ఇలాంటి మెయిల్ ఒకటి వస్తే దాంతోనే మిగతావాళ్లను కొలుస్తాం. "లిఫ్టు సంగతి మీరు చూసుకున్నారా?" అని తక్కిన ముగ్గురినీ నేనే అడుగుతాను. ముందుగా వచ్చి, విషయం చెప్పినవాడు మిగతావాళ్లకు ప్రశ్నపత్రం తయారు చేసినట్టే.

బల్లలమేస్త్రి
రాణిగారూ, బాగుంది. పని సంగతుల్లో ఒక్కటి: రంధ్రాలు ముందే ఉంచడం బల్ల రకాన్ని బట్టి ఉంటుంది, ఫ్రేములో క్లాంపు బిగించేవాటికి అవసరం లేదు. మిగతాదంతా సరే.

కానీ నా బాధ వేరు. ఎంక్వయిరీ వచ్చే వేళకు నేను ఏదో సైటులో నిచ్చెన మీద ఉంటాను, చేతిలో డ్రిల్లు. ఇంత రాయాలంటే అరగంట కూర్చోవాలి. అందుకే ఆ టెంప్లేట్ తయారు చేసుకున్నాను. త్వరగా కావాలంటారు, చదివి రాయమంటారు, రెండూ ఎలా కుదురుతాయి?

ఇన్‌బాక్స్_రాణి
రెండు ముక్కలు చేయండి. నిచ్చెన దిగగానే ఫోన్లోంచి మూడు వాక్యాలు చాలు:

> ___ గారూ, శని ఆదివారాల్లో బిగించగలం. ఇప్పుడు వేరే సైటులో ఉన్నాను, పార్టిషన్ గురించీ రోజుల గురించీ సాయంత్రం 6లోపు వివరంగా రాస్తాను. ఈలోగా ప్లాన్ ఫోటో ఉంటే పంపండి.

ఇందులో ఒక ప్రశ్నకు జవాబుంది, ఒక గంట చెప్పారు, వాళ్లకు ఒక చిన్న పని ఇచ్చారు. వాళ్లు ప్లాన్ పంపారంటే సంభాషణ మొదలైనట్టే. ఆ 6 దాటకూడదు, అదొక్కటే షరతు. "త్వరలో సంప్రదిస్తాం" అన్నదానికి గడువు లేదు కాబట్టి తప్పినా ఎవరికీ తెలియదు. 6 అని చెప్పి 8కి పంపితే, అప్పుడే రెండో వారంలో డెలివరీ మీద కూడా అనుమానం మొదలవుతుంది.

టెంప్లేట్ పూర్తిగా పారేయనక్కర్లేదు. కింది భాగం, అంటే నంబరు, పని విధానం, కొలతలు తీసే పద్ధతి, అదంతా రాసి ఉంచుకోండి. మొదటి రెండు వాక్యాలు మాత్రం ప్రతిసారీ చేత్తో రాయాలి.

రాత్రిపక్షి
నేను ఒంటరిగా వెబ్ డిజైన్ చేస్తాను. నాకు ఎంక్వయిరీలు రాత్రి పదకొండుకే వస్తాయి, నేనూ అప్పుడే మేలుకుని ఉంటాను. వెంటనే పంపితే తేడాగా అనుకుంటారేమోనని మెయిల్‌ను పొద్దున తొమ్మిదికి వెళ్లేలా షెడ్యూల్ చేసేవాణ్ణి. మరి అదీ ఆలస్యమే అవుతుందా?

నిదానం_నిమ్మళం
రాత్రి పదకొండుకు జవాబిచ్చేవాడికి రాత్రి పదకొండుకే ఫోన్లు కూడా వస్తాయి. అలవాటు చేయకండి.

ఇన్‌బాక్స్_రాణి
నిదానంగారి ఈ మాటతో నేను ఏకీభవిస్తాను, నమ్మినా నమ్మకపోయినా. మెయిల్‌కైతే పొద్దున షెడ్యూల్ చేయడం తప్పు కాదు.

కొనేవైపు
నేను ఒప్పుకోను. రాత్రి పదకొండుకు ఫారం నింపానంటే నేనూ అప్పుడే పని చేస్తున్నాను. మెయిల్ వస్తే సంతోషిస్తాను. ఫోన్ చేస్తే మాత్రం బ్లాక్ చేస్తాను. పగలైనా సరే, నేను రెండో కంపెనీ ఫారం నింపుతుండగానే మొదటి కంపెనీ వాళ్ల ఫోన్ మోగితే గుండె గుభేల్‌మంటుంది. ఒకసారి అలాగే జరిగింది, పంపు అని నొక్కి వేలు తీయకముందే ఫోన్. ఎత్తలేదు. వరసగా మూడుసార్లు చేశారు. ఆ పేరు లిస్టులోంచి తీసేశాను.

ఇన్‌బాక్స్_రాణి
ఫారంలో ఫోన్ నంబరు అడిగినప్పుడు పక్కనే "ఎలా సంప్రదించమంటారు" అని ఒక ఎంపిక పెడితే ఈ గొడవ ఉండదు. లేదంటే ముందు మెసేజ్: "ఫారం చూశాను, ఫలానా నంబరు నుంచి ఇంకో పావుగంటలో ఫోన్ చేస్తాను, వీలుకాకపోతే చెప్పండి." తెలియని నంబర్లు ఎవరూ ఎత్తట్లేదు ఇప్పుడు.

బల్లలమేస్త్రి
మరి ఆటో రిప్లై? "మీ మెసేజ్ అందింది, 24 నుంచి 48 గంటల్లో సంప్రదిస్తాం" అని దానంతటదే వెళ్లేలా పెట్టుకోమంటున్నాడు మా సైట్ కుర్రాడు.

అడ్డదిడ్డం
"48 గంటలు టైముంది, ఈలోపు వేరేవాళ్ల దగ్గర కొనుక్కోండి" అని కూడా కలపమనండి.

రాత్రిపక్షి
నేను పెట్టాను. అందిందో లేదో అన్న టెన్షన్ అయినా ఉండదు కదా వాళ్లకి.

సర్వర్_సుబ్బు
పెట్టేముందు ఒక జాగ్రత్త. ఫారానికి బాట్ల బెడద ఉంటే, అవి ఎవరెవరి అడ్రసులో నింపి, మెసేజ్ గడిలో తమ లింకులు పెడతాయి. మీ ఆటో రిప్లై ఆ మెసేజ్‌ను మళ్లీ చూపిస్తూ ఆ అడ్రసులకు వెళుతుంది. అంటే మీ డొమైన్ పేరుతో స్పామ్ పంచుతున్నట్టు. కొన్నాళ్లకు మీ అసలు జవాబులు కూడా స్పామ్‌లో పడతాయి. ఆటో రిప్లైలో వాళ్ల మెసేజ్ తిరిగి చూపించకండి, ఫారంలో మనుషులకు కనపడని ఒక ఉత్తుత్తి గడి పెట్టించండి. దాన్ని నింపేది బాటే, కాబట్టి అది నిండి ఉంటే పారేయొచ్చు.

ఇన్‌బాక్స్_రాణి
అందిందని చెప్పాలంటే, పంపు నొక్కగానే వచ్చే పేజీలోనే చెప్పొచ్చు: "సాయంత్రం 6లోపు వస్తే ఈ రోజే, తర్వాత వస్తే రేపు 10లోపు మేమే రాస్తాం." నా వరకు ఆటో రిప్లై కంటే ఇదే మేలు. కానీ దీనిమీద జనం రెండుగా చీలిపోతారు, నాకు తెలుసు.

రాత్రిపక్షి
నేను ఇంకా ఆటో రిప్లై వైపే. పేజీ మూసేస్తే పోయింది, మెయిల్ అయితే ఉంటుంది.

బల్లలమేస్త్రి
అసలైన ముల్లు ఒకటి మిగిలింది. ధర. మొదటి జవాబులోనే చెప్పాలా? చెబితే ఆ అంకె పట్టుకుని ఇంకొకరి దగ్గరికి పోతారు. చెప్పకపోతే "ధర ఎంత?" అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు.

నిదానం_నిమ్మళం
ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకూడదు. కొలతలు తీయకుండా అంకె చెబితే అది మెడకు చుట్టుకుంటుంది. నాకు ఈ విషయంలో చాలా దెబ్బలు తగిలాయి.

కొనేవైపు
ఏ అంకె లేకపోతే బడ్జెట్ గడి ఖాళీగా పెట్టి బాస్ దగ్గరికి పోలేను. కచ్చితమైనది అక్కర్లేదు, ఇంత నుంచి ఇంత అంటే చాలు.

ఇన్‌బాక్స్_రాణి
నేను రేంజి చెప్పే పక్షం. కానీ ఆ రెండు అంకెల మధ్య తేడా దేనివల్ల వస్తుందో పక్కనే రాయాలి: పార్టిషన్ ఉంటే పై అంకె, లేకపోతే కింది అంకె, డ్రాయర్లు వేరు. అప్పుడు వాళ్లు బేరం మొదలుపెట్టకుండా ఎంచుకోవడం మొదలుపెడతారు. ఊరికే "ఇంత నుంచి ఇంత" అంటే మాత్రం నిదానంగారి భయమే నిజమవుతుంది, అందరూ కింది అంకె ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు.

నిదానం_నిమ్మళం
రాసినా కింది అంకే గుర్తుపెట్టుకుంటారమ్మా. మనిషి నైజం. నేను మాత్రం చెప్పను.

ఇంకో మాట. నేను చేసేది ఎక్కువగా టెండర్ పనులు. అక్కడ గడువు తేదీ అందరికీ ఒకటే, ముందు వేసినా చివర వేసినా కవర్లు ఒకేసారి తెరుస్తారు. ఈ నిమిషాల లెక్క నాకు వింతగా ఉండటానికి కారణం బహుశా అదే.

ఇన్‌బాక్స్_రాణి
అలా చెప్పండి మరి! టెండర్‌లో కావలసినవన్నీ వాళ్లు ముందే రాసి ఇస్తారు. ఫారం నింపేవాళ్లకు ఇంకా సగమే తెలుసు, ఆ మిగతా సగం ఎవరు ముందు పూరిస్తే వాళ్ల మాట చెల్లుతుంది. మీ చోట మీరు కరెక్టే.

చీటీ_నింపాను
నాకు ఇప్పుడే జవాబు వచ్చిందండీ! "ప్రియమైన కస్టమర్" అని ఉంది.

అడ్డదిడ్డం
బ్రోషర్ కూడా జతచేశారా?

చీటీ_నింపాను
రెండు జతచేశారు.

బల్లలమేస్త్రి
మెయిల్ రాని పాత ఎంట్రీలు ఉన్నాయన్నాను కదా. వాటిలో మరీ పాతవి కానివాటికి రాయొచ్చా? ఏమని రాయాలి? మూడు వారాల కిందటిది ఒకటుంది, 12 మందికి బల్లలు, దానితో పాటు మీటింగ్ టేబుల్.

ఇన్‌బాక్స్_రాణి
రాయండి, పోయేదేముంది. కారణం ఒక్క వాక్యంలో, క్షమాపణ ఒక్క వాక్యంలో, కథలొద్దు: "మీ మెసేజ్ మా సైట్‌లో ఇరుక్కుపోయి ఈ రోజే నా కంటపడింది, ఆలస్యానికి క్షమించండి." తర్వాత సూటిగా: "బల్లలు ఈపాటికి తీసుకుని ఉంటే చెప్పండి, మళ్లీ విసిగించను. మీటింగ్ టేబుల్ ఒక్కటి మిగిలి ఉన్నా చేసిస్తాం." కాదనడానికి దారి ఇస్తే జవాబు రాయడం తేలిక. చాలామంది "తీసేసుకున్నాం" అంటారు. అదీ మంచిదే, ఎవరి దగ్గర, ఎందుకు తీసుకున్నారో అడగొచ్చు.

కొనేవైపు
"ఎందుకు" అని అడిగితే నేను చెప్పను. "ఎప్పటికి అందింది" అని అడిగితే చెబుతాను. అందులోనే సగం తెలిసిపోతుంది.

బల్లలమేస్త్రి
నిన్న మధ్యాహ్నం కొత్తది ఒకటి వచ్చింది, 18 మందికి. సైటు నుంచే మూడు వాక్యాలు పంపాను, సబ్జెక్టు మార్చి, కిందిదంతా చెరిపి. వాళ్లు అడిగింది బల్ల కిందినుంచి వైర్లు కనపడకుండా పోతాయా అని. కేబుల్ ట్రే ఉంటుంది, అయితే ప్లగ్గు పాయింట్లు గోడకా, నేలలోనా అని తిరిగి అడిగాను. గంటలో ఫోటోలు పంపారు, నాలుగు. సాయంత్రం వివరంగా రాశాను, రేంజి కూడా చెప్పాను (నిదానంగారూ మన్నించండి). సోమవారం కొలతలకు రమ్మన్నారు. ఆర్డర్ వస్తుందో రాదో తెలియదు.

ఒక అనుమానం. ఆదివారం పూట వచ్చేవాటిని ఎవరు చూడాలి? నేను ఆ రోజు బిగింపు పనిలో ఉంటాను, ఇంట్లో మా ఆవిడ చూస్తానంటోంది కానీ ఆమెకు పని సంగతులు అంతగా తెలియవు.

రాత్రిపక్షి
చూడమనండి. "చేయగలం, చేయలేం" అనేవి ఆమెను చెప్పమనకండి. ప్లాన్, ఫోటోలు అడిగి, మీరు ఎన్నింటికి రాస్తారో చెబితే చాలు. కింద ఆమె పేరే పెట్టమనండి, మీ పేరుతో రాస్తే రేపు ఫోన్లో దొరికిపోతారు.

ఇన్‌బాక్స్_రాణి
తరచుగా వచ్చే ప్రశ్నలు ఐదారుంటాయి కదా, శని ఆదివారం బిగింపు, వైర్లు, డెలివరీకి ఎన్ని రోజులు, అలాంటివి. వాటి జవాబులు ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్లండి, అందులో ఉన్నవాటికి ఆమే జవాబు చెప్పేయొచ్చు. లేనివి మీకు ఫోన్ చేసి అడగమనండి.

బల్లలమేస్త్రి
డ్రిల్లు మోతలో ఫోన్ వినపడదండీ. మెసేజ్ పెట్టమంటాను. ఆ కాగితం ఈ రాత్రే రాస్తాను.